లచ్చయ్య, లక్ష్మయ్య, Laxmaiah: దరఖాస్తు పత్రాలలో తెలుగు పేర్ల లిప్యంతరీకరణ

పేర్లను అనువదించకూడదన్నది అందరూ అంగీకరించే సూత్రమే. బంగారయ్య అన్న పేరు ఇంగ్లీషు దరఖాస్తులో Bangaraiah అవుతుంది గాని, బంగారానికి ఇంగ్లీషు మాట అక్కడ చేరదు. పేరు అర్థాన్ని పక్కన పెట్టి ధ్వనిని మాత్రమే మరో లిపిలోకి తీసుకొనిపోవడమే లిప్యంతరీకరణ. అర్థాన్ని మరో భాషలోకి తీసుకొనిపోవడం అనువాదం. ఈ రెంటి మధ్య గీత ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, ఒకే మనిషి పేరు పదో తరగతి మెమోలో ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా, పాస్‌పోర్టులో ఇంకో విధంగా ఎందుకుంటున్నది?

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పేర్లను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. 1948 వరకు ఇక్కడి పాలనాభాష ఉర్దూ. ఆదిలాబాద్ ఉత్తరపు అంచున మరాఠీ, అడవి గ్రామాలలో గోండీ వినిపిస్తాయి. ఇక్కడి పేరు రోమన్ లిపిలోకి చేరేసరికి తరచుగా రెండు మూడు భాషల చేతులు దాటి ఉంటుంది. మరోవైపు ఈ జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వలస ఎక్కువ. కనుక ఒక్క అక్షరపు తేడా, ఒక్క ఖాళీ గడి ఇక్కడి కుటుంబాలకు పనికీ ప్రయాణానికీ అడ్డుపడగలదు.

పేరు, పేరు చుట్టూ ఉన్న మాటలు

దరఖాస్తును నింపేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఏది పేరు, ఏది పేరును పరిచయం చేసే మాట అన్నది. పేరును లిప్యంతరీకరించాలి. పరిచయం చేసే మాటను అనువదించాలి, లేదా వదిలివేయాలి. గందరగోళంలో గణనీయమైన భాగం ఈ రెండూ కలిసిపోవడం వల్లనే పుడుతున్నది.

పాత పహాణీలలో ‘రాజయ్య వల్ద్ మల్లయ్య’ వంటి రాతలు కనిపిస్తాయి. ‘వల్ద్’ అంటే కుమారుడు అని ఉర్దూ రెవెన్యూ పరిభాష. ఇది పేరులో భాగం కాదు. ఇంగ్లీషు పత్రంలోకి వచ్చేసరికి దీని స్థానంలో S/o చేరాలి, లేదా తండ్రి పేరుకు వేరే గడి ఉంటే పూర్తిగా తొలగిపోవాలి. అది అనువదించవలసిన మాట. చుట్టూ ఉన్న రాజయ్య, మల్లయ్య మాత్రం లిప్యంతరీకరించవలసినవి.

‘కీ.శే.’ సంగతి ఇంకా తరచుగా ఎదురవుతుంది. మరణించిన తండ్రి పేరుకు ముందు దీన్ని రాయడం మన మర్యాద. ఇంగ్లీషులో అది Late అవుతుంది. అనువాదం సరైనదే. అయితే తండ్రి పేరు గడిలో ‘Late Mallaiah’ అని నింపితే, కంప్యూటరు ఆ మొదటి మాటను కూడా పేరుగానే నమోదు చేసుకుంటుంది. తండ్రి బతికి ఉన్నప్పుడు ఇచ్చిన పత్రంలో Mallaiah, ఆయన మరణానంతరం ఇచ్చిన పత్రంలో Late Mallaiah ఉంటే, పోల్చి చూసే యంత్రానికి అవి రెండు వేర్వేరు పేర్లు. అనువాదం సరిగ్గా జరిగినా, అది చేరకూడని గడిలో చేరింది.

మూడవది ‘పెద్ద’, ‘చిన్న’ అన్న విశేషణాలు. ఒకే ఇంట్లో, ఒకే వాడలో ఇద్దరు రాజయ్యలుంటే ఒకరు పెద్ద రాజయ్య, మరొకరు చిన్న రాజయ్య అవుతారు. ఇది పిలుపు కోసం పెట్టుకున్న గుర్తే అయితే దరఖాస్తులో దానికి చోటు లేదు. బడి రిజిస్టరులోనే ‘చిన్న రాజయ్య’ అని నమోదై ఉంటే మాత్రం అది పేరే. అప్పుడు Chinna Rajaiah అని లిప్యంతరీకరించవలసిందే. అర్థమున్న మాట గనుక అనువదించవచ్చునని అనుకోవడం పొరపాటు. నమోదైన క్షణం నుండి ఆ మాట అర్థాన్ని విడిచి పేరులో కలిసిపోయింది.

మాండలిక రూపాన్ని సరిదిద్దడం

లిప్యంతరీకరణ పేరుతో జరిగే మరో అనువాదం ఉంది. అది రెండు భాషల మధ్య కాకుండా తెలుగులోనే జరుగుతుంది గనుక ఎవరి కంటికీ కనిపించదు. ఇంట్లో లచ్చయ్య అని పిలిచే మనిషిని బడిలో లక్ష్మయ్యగా రాయడం, నర్సయ్యను నరసింహయ్యగా మార్చడం, రాజవ్వ, పోశవ్వలను రాజమ్మ, పోశమ్మలుగా దిద్దడం ఈ కోవలోనివి. రాసేవారు పేరును విని, దాని మూలమేమిటో ఊహించి, ఆ మూలరూపాన్ని కాగితం మీద పెడుతున్నారు. ధ్వనికి బదులు వ్యుత్పత్తిని రాస్తున్నారు. మాండలికం నుండి ప్రామాణిక భాషకు మార్చడం కూడా అనువాదమే.

ఉత్తర తెలంగాణలో ‘అవ్వ’ తల్లిని సూచించే మాట. రాజవ్వలోని ‘అవ్వ’ను ‘అమ్మ’గా మార్చిన గుమాస్తా తనకు తెలియకుండానే ఒక పదాన్ని మరో పదంతో భర్తీ చేశాడు. రేషను కార్డులో Rajavva, బ్యాంకు పుస్తకంలో Rajamma అని ఉన్న మహిళకు వితంతు పింఛను జమ కావలసి వచ్చినప్పుడు, ఆ ఇద్దరూ ఒకరే అని నిరూపించే భారం ఆమె మీద పడుతుంది.

ఇటువంటి తేడాను గుర్తించడానికి ఒక తేలిక మార్గం ఉంది. రెండు రోమన్ రూపాలను తిరిగి తెలుగులో చదివి చూడాలి. Laxmaiah, Lakshmaiah అన్నవి రెండూ లక్ష్మయ్య అనే పలుకుతాయి. ఇది లిప్యంతరీకరణలోని తేడా, అంటే వర్ణక్రమ భేదం. Lachaiah, Laxmaiah అన్నవి తెలుగులోనే రెండు వేర్వేరు రూపాలుగా పలుకుతాయి. ఇది అనువాదం వల్ల వచ్చిన తేడా. మొదటిదాన్ని వర్ణక్రమ భేదంగా వివరించవచ్చు. రెండవదానికి మాత్రం ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని చూపే ఆధారం కావాలి.

ఇరవై ఆరు అక్షరాల ఇరుకు

అనువాదాన్ని పూర్తిగా తప్పించినా సమస్య ముగియదు. తెలుగు వర్ణమాలలో యాభైకి పైగా అక్షరాలున్నాయి. దరఖాస్తు పత్రం అనుమతించే రోమన్ అక్షరాలు 26. పండితులు వాడే ఐఎస్ఓ 15919 పద్ధతిలో అక్షరాల పైన, కింద గుర్తులు చేర్చి ప్రతి తెలుగు అక్షరాన్నీ నష్టం లేకుండా రాయవచ్చు. భారత ప్రభుత్వం స్థలనామాలకు స్వీకరించిన హంటేరియన్ పద్ధతిలోనూ దీర్ఘాలకు గుర్తులున్నాయి. వ్యక్తుల దరఖాస్తులలో ఆ గుర్తులకు తావు లేదు. కనుక దీర్ఘహ్రస్వాలు, త-ట భేదం, త-థ భేదం వంటివి కొన్ని పోక తప్పవు. ఏది పోగొట్టుకోవాలన్నది ఒక్కో ప్రాంతం ఒక్కో విధంగా నిర్ణయించుకుంది.

దీనికి ఆదిలాబాద్ గోండుల ఇంటిపేర్లు చక్కని నిదర్శనం. తెలుగువారు త-కారానికి th రాసి, t ని ట-కారానికి ఉంచుతారు. మరాఠీవారు త-కారానికి t రాసి, th ని థ-కారానికి కేటాయిస్తారు. ఆసిఫాబాద్ శాసనసభ్యులుగా పనిచేసిన ఆత్రం సక్కు ఇంటిపేరు Athram అనీ, Atram అనీ రెండు విధాలా కనిపిస్తుంది. ప్రాణహిత ఆవలి ఒడ్డున, మహారాష్ట్రలోని అహేరిలో అదే ఇంటిపేరు గల రాజకీయ కుటుంబం దాన్ని Atram అని రాస్తుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజనలో ఆదిలాబాద్ జిల్లాకు చెందిన రాజూరా, కిన్వట్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రంలో చేరాయి. ఒకే ఇంటిపేరుగల బంధువులు రెండు వర్ణక్రమ సంప్రదాయాల కిందికి వచ్చారు. భీంరావు అన్న పేరు తెలుగువైపు Bheem Rao అని రెండు మాటలుగా విడిపోతే, మరాఠీవైపు Bhimrao అని ఒకే మాటగా కలిసి ఉంటుంది. పత్రాలను పోల్చే యంత్రానికి ఖాళీ స్థలం కూడా ఒక అక్షరమే.

మనకు అత్యంత పరిచితమైన ఉదాహరణ కుమురం భీం పేరే. 2016 అక్టోబరు 11న ఆయన పేరిట ఏర్పడిన జిల్లాను ఇంగ్లీషులో Komaram Bheem అని రాసినవారున్నారు. జిల్లా అధికారిక రూపం Kumuram Bheem Asifabad. తెలుగులోనూ కొమురం, కొమరం, కుమురం, కుమ్రం అన్న రూపాలు వాడుకలో ఉన్నాయి. గోండీ ఇంటిపేరును తెలుగు చెవి తనకు అలవాటైన కొమురయ్య వంటి పేర్ల పక్కన పెట్టి వింటుంది. రోమన్ లిపిలో కనిపిస్తున్న o-u తేడా నిజానికి తెలుగు లిపిలోనే మొదలైంది. మొదటి లిప్యంతరీకరణ గోండీ నుండి తెలుగుకు, రెండవది తెలుగు నుండి ఇంగ్లీషుకు జరిగింది. ప్రతి అంచెలోనూ ఒక ఎంపిక తప్పదు.

ఇంత ఇరుకులో జరిగిన మార్పును వెనక్కి తిప్పడం సాధ్యం కాదు. Lata అన్న రోమన్ రూపం లత కావచ్చు, లాట కావచ్చు. Mallaiah లోని చివరి h పలుకదు. ‘అయ్య’లోని తుది అకారాన్ని నిలపడానికి చేర్చిన అలవాటు అక్షరమది. ఈ ఆనవాయితీ తెలియని మనిషి గాని, యంత్రం గాని దాన్ని తిరిగి తెలుగులోకి మార్చితే మల్లైహ్, మల్లైయా వంటి రూపాలు పుడతాయి. ఆ తెలుగు రూపాన్ని ఆధారంగా తీసుకొని మరొకరు మళ్లీ ఇంగ్లీషులోకి మార్చితే పేరు మరింత దూరం జరుగుతుంది.

స్థలనామాల విషయంలో మనం ఈ పని చేయము. జగిత్యాల అధికారిక రోమన్ రూపం Jagtial; మంచిర్యాలది Mancherial. తెలుగు ఉచ్చారణకు ఇవి అంత దగ్గరగా లేవు. అయినా చిరునామా నింపే ఎవరూ ధ్వనిని చూసి వాటిని కొత్తగా లిప్యంతరీకరించరు, ఉన్నదాన్ని నకలు చేస్తారు. మనిషి పేరుకూ ఇదే వర్తించాలి. లిప్యంతరీకరణ జీవితంలో ఒక్కసారి జరగవలసిన పని. ఆ తరువాత జరగవలసింది అక్షరం పొల్లుపోకుండా నకలు చేయడమే.

ఒక పేరు, నాలుగు పత్రాలు

ఈ సూత్రం ఆచరణలో ఎలా పనిచేస్తుందో ఒక కల్పిత నామంతో పరిశీలిద్దాం. ఇంటిపేరు వేముల, పేరు లచ్చయ్య. బడి రిజిస్టరులో ‘వేముల లక్ష్మయ్య’ అని నమోదైంది. ‘లక్ష్మ’ భాగాన్ని Laxm అనీ, Lakshm అనీ రెండు విధాలుగా రాయవచ్చు. ‘అయ్య’ భాగాన్ని aiah, ayya, aya అని మూడు విధాలుగా రాయవచ్చు. ఇప్పటికే ఆరు రూపాలయ్యాయి. ఇంటిపేరును ముందు రాయవచ్చు, వెనుక రాయవచ్చు, V అన్న పొడి అక్షరంగా ముందుంచవచ్చు. మొత్తం 18 రూపాలు. వీటిలో ఏదీ తప్పని చెప్పడానికి భాషాశాస్త్రపరమైన ఆధారం లేదు.

పదో తరగతి మెమోలో VEMULA LAXMAIAH అని వచ్చిందనుకుందాం. ఆధార్ నమోదు సమయంలో నోటిమాటగా పేరు చెప్పడం వల్ల Vemula Lachaiah అని చేరింది. ఇక్కడ జరిగింది కొత్త లిప్యంతరీకరణ. అది ధ్వనికి నమ్మకమైనదే గాని మెమోతో కలవదు.

మూడవది పాన్. ఆ దరఖాస్తులో ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు గడులుంటాయి. పొడి అక్షరాలను అంగీకరించరు. ఒకే పేరు గలవారు ఆ పేరును ఇంటిపేరు గడిలో నింపాలి, ఎందుకంటే అక్కడ తప్పనిసరి గడి అదే. పాస్‌పోర్టు దరఖాస్తులో దీనికి విలోమంగా గివెన్ నేమ్ తప్పనిసరి, సర్‌నేమ్ ఖాళీగా ఉండవచ్చు. కనుక ఇంటిపేరు రాయకుండా లక్ష్మయ్య అని మాత్రమే నింపే మనిషికి పాన్‌లో Laxmaiah ఇంటిపేరవుతుంది, పాస్‌పోర్టులో అదే Laxmaiah సొంత పేరవుతుంది. అక్షరాలన్నీ సరిపోయినా స్థానం మారింది. ఇంటిపేరు ముందుండే తెలుగు క్రమాన్ని పేరు ముందుండే పాశ్చాత్య క్రమంలోకి మార్చడం కూడా ఒక విధమైన అనువాదమే. అది అక్షరాలను గాక నిర్మాణాన్ని అనువదిస్తుంది.

పొడి అక్షరాలది ఇంకో చిక్కు. అప్పటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి ఇంటిపేరు సింగిరెడ్డి. ఇంగ్లీషులో ఆయన పేరు C. Narayana Reddy. తెలుగు పొడి అక్షరం ‘సి’కి, అదే పలుకుబడి గల ఇంగ్లీషు అక్షరం C సరిపోయింది. ఇంటిపేరును పూర్తిగా విప్పవలసి వచ్చినచోట Cingireddi అన్న రూపం స్థిరపడింది. మామూలు పద్ధతిలో లిప్యంతరీకరిస్తే S తో మొదలు కావలసిన ఇంటిపేరు ఇది. సాహిత్య ప్రపంచానికి దీనివల్ల ఇబ్బంది లేదు. సామాన్యుని మెమోలో C అనీ, పాస్‌పోర్టులో S తో మొదలయ్యే ఇంటిపేరనీ ఉంటే మాత్రం వివరణ ఇవ్వవలసి వస్తుంది.

నాలుగవది పాస్‌పోర్టు. దాని ఫోటో పుట అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి, ఒక్కో వరుసలో 44 స్థానాలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం ప్రకారం మొదటి వరుసలో పేరుకు దక్కేవి 39. పేరు కోసం A నుండి Z వరకు అక్షరాలు, < అన్న పూరక చిహ్నం తప్ప మరేమీ అక్కడ ఇమడవు. లక్ష్మయ్య సర్‌నేమ్ గడిలో ఇంటిపేరును, గివెన్ నేమ్ గడిలో పేరును నింపితే ఆ వరుస ఇలా ఉంటుంది:

```
P<INDVEMULA<<LAXMAIAH<<<<<<<<<<<<<<<<<<<<<<<
```

రెండు < చిహ్నాలు కలిసి ఇంటిపేరును, పేరును వేరు చేస్తాయి. ఒకే పేరులోని రెండు మాటల మధ్య ఒక్క చిహ్నం ఉంటుంది. విమానాశ్రయంలో యంత్రం చదివేది ఈ వరుసనే.

సర్‌నేమ్ గడిని ఖాళీగా వదిలితే ఏమవుతుందో 2022 నవంబరులో గల్ఫ్ ప్రయాణికులకు తెలిసివచ్చింది. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారిని సందర్శక, పర్యాటక వీసాల మీద అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. తండ్రి పేరు గాని, కుటుంబ నామం గాని పాస్‌పోర్టు రెండవ పుటలో ఉంటే అనుమతిస్తామని ఆ తరువాత కొన్ని రోజులకే సడలింపు వచ్చింది. నివాస వీసా ఉన్నవారికి ఈ ఆంక్ష వర్తించలేదు. ఇంటిపేరును పొడి అక్షరంగానో, అవసరం లేనిదిగానో చూసే మన అలవాటుకు, రెండు గడులూ నిండి ఉండాలన్న ఆ నియమానికి మధ్య ఇరుక్కున్నది పేరు అర్థమూ కాదు, ధ్వనీ కాదు, కేవలం దాని అమరిక.

సరిచూసుకునే పద్ధతి

ఈ నాలుగు పత్రాలను పక్కపక్కన పెట్టి మూడు విషయాలను వేర్వేరుగా పోల్చాలి: అక్షరాలు, క్రమం, ఖాళీలు. లక్ష్మయ్య విషయంలో మెమోకు, ఆధార్‌కు మధ్య అక్షరాలు కలవలేదు. పాన్‌కు, పాస్‌పోర్టుకు మధ్య అక్షరాలు కలిశాయి, క్రమం కలవలేదు. ఆధార్-పాన్ అనుసంధానంలో పేరు, పుట్టిన తేదీ, లింగం సరిపోవాలి గనుక మొదట బయటపడేది అక్షరాల తేడాయే.

తరువాత ఒక మూలపత్రాన్ని నిర్ణయించుకోవాలి. సాధారణంగా అది పదో తరగతి మెమో. ఉన్నత విద్యా పత్రాలన్నీ దానినుండే నకలవుతాయి గనుక దాన్ని మార్చితే తక్కినవన్నీ మార్చవలసి వస్తుంది. బడికి వెళ్లనివారికి జనన ధ్రువపత్రం గాని, అన్నిటికన్నా ముందు పొందిన గుర్తింపు పత్రం గాని మూలమవుతుంది. మన ఉదాహరణలో సవరించవలసింది ఆధార్ ఒక్కటే. అందులో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే సవరించుకునే వీలుంది. కనుక సవరణకు వెళ్లినప్పుడు పేరును నోటితో చెప్పకూడదు. మెమోను ముందుంచి, తెర మీద కనిపించే ఇంగ్లీషు రూపాన్ని అక్షరం తరువాత అక్షరంగా దానితో పోల్చుకోవాలి. తెలుగు రూపాన్ని విడిగా సరిచూడాలి. ఇంగ్లీషు రూపం నుండి తనంతట తాను పుట్టిన తెలుగు రూపాన్ని చదవకుండా అంగీకరించకూడదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. మూలపత్రంలో ఉన్న పేరే ఆ మనిషికి తన పేరుగా అనిపించకపోవచ్చు. ఇంటా బయటా లచ్చయ్యగా బతికిన మనిషిని కాగితాల పొందిక కోసం లక్ష్మయ్యగా ఉండిపొమ్మనడం న్యాయమా అన్న ప్రశ్న మిగులుతుంది. 2021 జూన్ 3న సీబీఎస్ఈ ధ్రువపత్రాలకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు, తన పేరు మీద మనిషికుండే అధికారం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం కింది భావప్రకటన స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. అదే తీర్పు బడి రికార్డుకు అనుగుణంగా చేసే సవరణను, కొత్త పేరుకు మారే మార్పును వేర్వేరుగా పరిగణించింది. మనం పైన చూసిన విభజన కూడా ఇటువంటిదే. Lakshmaiah ను Laxmaiah గా చేయడం వర్ణక్రమ సవరణ. Laxmaiah ను Lachaiah గా చేయడం పేరు మార్పు; దానికి గెజిట్ ప్రకటన వంటి బరువైన ఆధారం అడగవచ్చు. ఆ దారిని ఎంచుకునే హక్కు లచ్చయ్యకు ఉంది. అయితే అది ఆయన తెలిసి చేసుకోవలసిన ఎంపిక. గడి నింపిన గుమాస్తా చేయి గాని, లిపి మార్చిన యంత్రం గాని ఆయన తరఫున చేయవలసినది కాదు.

అందువల్ల బిడ్డ పేరు మొదటిసారి ఇంగ్లీషులో నమోదయ్యే సమయమే కీలకమైనది. జనన ధ్రువపత్రానికి గాని, బడిలో చేర్పించడానికి గాని వెళ్లేముందు ఇంటిపేరును పూర్తిగా విప్పి, పేరును ఇంట్లో పలికే రూపంలో ఉంచాలో గ్రాంథిక రూపంలో ఉంచాలో నిర్ణయించుకొని, రెండు లిపులలోనూ ఒక కాగితం మీద రాసి ఇవ్వడం మేలు. లిప్యంతరీకరణ అక్కడే, ఒక్కసారే జరుగుతుంది. ఆ తరువాతి పత్రాలన్నిటికీ ఆ కాగితం మీది రూపమే పేరు.